అతుకు మీద అంకె, గొలుసంతటికీ శిక్ష

పల్నాటి సీమలో మిరపకు పెట్టుబడి కావలసివచ్చినప్పుడు బ్యాంకు కంటే, బంధువుల కంటే ముందుగా కదిలేది ఇంట్లోని బంగారమే. నారు పోసే వేళకు తాకట్టుకు వెళ్ళి, కాయ అమ్ముడుపోయిన తరువాత తిరిగి మెడకు చేరే గొలుసులు మా ప్రాంతంలో లెక్కలేనన్ని. కొన్ని తిరిగి రానేరావు. అటువంటి ఒక గొలుసు విషయంలో ఈ మధ్య నాకు కలిగిన అనుభవాన్ని, ఆ అనుభవం రేపిన ఆగ్రహాన్ని మీ ముందుంచుతున్నాను. ఆగ్రహంతో వ్రాసినా అంకెలతోనే వ్రాస్తాను. కాబట్టి తప్పుంటే దిద్దడం మీకు సులభం.

మా చెల్లెలు మాచర్ల దగ్గర పల్లెలో ఉంటుంది. దానికి ఒక ఒంటిపేట గొలుసు ఉంది. ఇరవైనాలుగు గ్రాములది, 22 కారెట్లది, కొలికి ప్రక్కనున్న చిన్న బిళ్ళ మీద 916 అని ముద్ర కూడా ఉన్నది. మూడేళ్ళలో ఆ గొలుసు మూడుసార్లు తెగింది. మూడుసార్లూ అతికించారు. ఈ ఏడు పెట్టుబడి కోసం దానిని అమ్మక తప్పలేదు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. ఏ ఊరి దుకాణమో, ఎవరిదో చెప్పను. ఒక్క దుకాణం మీద నాకు పగ లేదు. నా తగవు ఒక పద్ధతితోనే.

ఆ దుకాణంలోని అబ్బాయి గొలుసును వేళ్ళ మధ్య జార్చి చూశాడు. ఒకచోట ఆపి, ఆ భాగాన్ని కారెట్ మీటరు అనే యంత్రంలో పెట్టాడు. తెర మీద 84 అని వచ్చింది. "మాస్టారూ, ఇది ఇరవైరెండు కారెట్లది కాదండీ. మూడు అతుకులున్నాయి. ఎనభైనాలుగు లెక్కన అయితే తీసుకుంటాం" అన్నాడు.

"ఏ చోట పెట్టి చూశావు నాయనా?" అన్నాను.

"అతుకు దగ్గరండీ."

"అతుకు లేని చోట పెట్టి చూడు."

అతడు ఇష్టం లేకుండానే పెట్టాడు. 91.5 వచ్చింది. "అయినా అతుకులున్న సరుకు కదండీ, మా లెక్క ఇంతే" అన్నాడు. చెల్లెలు నా మోచేయి పట్టుకుని "పోనీలే అన్నయ్యా, ఇచ్చేద్దాం. మందులకు డబ్బు కావాలి" అన్నది. తెలిసీ తెలియని ఈ "పోనీలే" మీదనే కదా ఈ వ్యవహారమంతా నడుస్తున్నది!

నేను పోనీయలేదు. గొలుసు తీసుకుని బయటికి వచ్చాను. ఇక ఆ 84 అనే అంకె ఎంతటి అన్యాయమో లెక్క కట్టి చూపుతాను. ఇది ఎనిమిదో తరగతి లెక్క. తెలుగు పండితుడు చేయగలిగినదే.

916 అంటే వెయ్యి భాగాలలో 916 భాగాలు మేలిమి బంగారమనీ, తక్కిన 84 భాగాలు వెండి, రాగి వంటి కలుపనీ అర్థం. ఇరవైనాలుగు గ్రాముల గొలుసులో అతుకే లేకపోతే మేలిమి 21.984 గ్రాములు. ఇప్పుడు మూడు అతుకులు వేద్దాం. గొలుసు కడియం ఒకదానిని అతకడానికి పట్టే టంకం ఆవగింజలో సగమంత. ధారాళంగా నలభై మిల్లీగ్రాములనుకుందాం. మూడింటికీ కలిపి 0.12 గ్రాము. ఆ టంకంలో బంగారం నూటికి అరవైఐదు పాళ్ళే ఉన్నదనుకుందాం. అంటే నాసిరకం టంకమే అనుకుంటున్నాను. అప్పుడు 23.88 గ్రాముల అసలు గొలుసులో మేలిమి 21.874 గ్రాములు, 0.12 గ్రాము టంకంలో 0.078 గ్రాము. మొత్తం 21.952 గ్రాములు. వెయ్యికి 916 ఉండవలసినది 914.7కు దిగింది. మూడు అతుకులు చేసిన అపరాధమంతా 0.032 గ్రాము.

ఇక దుకాణం లెక్క. ఇరవైనాలుగు గ్రాములకు నూటికి 84 చొప్పున 20.16 గ్రాములు. అంటే 1.824 గ్రాముల మేలిమిని అతుకుల పేరుతో కోసివేస్తున్నారు. నిజమైన లోపం ముప్పైరెండు మిల్లీగ్రాములు, విధించిన శిక్ష పద్దెనిమిది వందల ఇరవైనాలుగు మిల్లీగ్రాములు. యాభై రెట్లకు పైగా. వడ్డీలో ఈ నిష్పత్తి చూపితే ఊరంతా దుమ్మెత్తిపోస్తారు. బంగారంలో చూపితే "మా లెక్క ఇంతే" అంటే సరిపోతున్నది.

ఇక్కడ యంత్రం అబద్ధమాడలేదు. దానిని అడిగిన ప్రశ్నే అబద్ధం. ఈ యంత్రం ఎక్స్-కిరణాలను లోహం మీద పడేటట్లు చేసి, తిరిగి వచ్చే కిరణాలను బట్టి ఏ లోహం ఎంత ఉన్నదో చెబుతుంది. ఆ కిరణం పడే చుక్క వెడల్పు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. బంగారంలో అది చూడగలిగే లోతు మిల్లీమీటరులో వందోవంతు చుట్టుప్రక్కల. అంటే అది చెప్పేది ఆ చుక్క క్రింది పైపొర గూర్చి మాత్రమే. ఆ చుక్కను తెచ్చి అతుకు మీద పెడితే టంకమూ, దాని ప్రక్క బంగారమూ కలిసిన అంకె వస్తుంది. ఆ అంకె ఆ అతుకుకు నిజం, గొలుసుకు కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తామంటే, కుండలోని మెతుకులన్నీ ఒకటే అన్న నమ్మకం మీద. ఆ మెతుకును కుండ అంచున మాడిన చోటినుండి తీసి "అన్నమంతా మాడింది" అనడం తర్కం కాదు.

ఆ రోజే వేరొకచోట గొలుసును మా కళ్ళ ముందు కరిగించి చూడమన్నాం. ఆ పని చేసినది గురజాలలో నా దగ్గర చదువుకున్న ఒక ఆచారి గారు. ఆయన ఇప్పుడు నరసరావుపేటలో పనిచేస్తున్నారు. మూసలో వేయకముందు తూకం ఇరవైనాలుగు గ్రాములు. కరిగి చల్లారిన ముద్ద 23.93 గ్రాములు. సబ్బు, చెమట, మురికి, కొద్దిపాటి ద్రవ్యనష్టం కలిసి డెబ్భై మిల్లీగ్రాములు పోయాయి. ముద్దను పలుచగా సాగగొట్టి, రెండు వైపులా యంత్రంలో చూస్తే ఒకవైపు 91.3, మరొకవైపు 91.4. కరిగినప్పుడు టంకమూ బంగారమూ ఏకమవుతాయి కనుక ఈ అంకె మొత్తానికి చెల్లుతుంది. పై కాగితపు లెక్కకూ దీనికీ ఎంత దగ్గరో చూడండి. మా చెల్లెలు ఆ ముద్దను 91.3 లెక్కన అమ్ముకుంది.

ఇంతవరకు చెప్పి ఆపితే నాది ఏకపక్ష వాదమవుతుంది. అతుకుకు తరుగు తీసే ఈ ఆచారం ఉత్త దురాశ నుండి పుట్టలేదు. దానికొక కాలంలో న్యాయం ఉండేది. ఆ న్యాయం ఏమిటో తెలిస్తేనే నేడది ఎందుకు అన్యాయమో తెలుస్తుంది.

టంకం అనే మాట చూడండి. సంస్కృతంలో టంకణమంటే వెలిగారం. అతికే లోహం పేరు కాదది, అతికేటప్పుడు లోహం మీది మైలను కరిగించి టంకం పారడానికి దారిచ్చే ద్రవ్యం పేరు. వాడుకలో ఆ పేరు అతికే లోహానికే వచ్చింది. అతికే లోహానికి ఉండవలసిన మొదటి గుణం ఒక్కటే. అది నగకంటే ముందుగా కరగాలి. మేలిమి బంగారం 1064 డిగ్రీల వద్ద కరుగుతుంది. 22 కారెట్ల బంగారం కలుపును బట్టి 920 మొదలు 1020 వరకు. టంకం దానికంటే చాలా తక్కువ వేడికి కరగకపోతే అతుకుతోపాటు నగే కరిగి ముద్దవుతుంది. పూర్వం దీనికున్న ఉపాయం బంగారంలో వెండి, రాగి ఎక్కువ కలపడమే. ఆ రెండూ తగు పాళ్ళలో కలిస్తే 779 డిగ్రీలకే కరుగుతాయి. అందువలన టంకంలో బంగారం నూటికి అరవై వరకూ దిగేది.

చేతితో చేసిన పాత గొలుసులో కడియాలు రెండు మూడు వందలు. ప్రతి కడియానికీ ఒక అతుకు. ఇరవైనాలుగు గ్రాముల గొలుసులో టంకమే గ్రామున్నరకు దగ్గరగా ఉండేదనుకోండి. ఆ గ్రామున్నర అరవై పాళ్ళదైతే మొత్తం గొలుసు వెయ్యికి 896కు దిగుతుంది. కాబట్టి పాతకాలపు వ్యాపారి గొలుసును తీసుకునేటప్పుడు టంకం తరుగు తీయడం న్యాయమే. కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండవ అధికరణంలో స్వర్ణకారుల అపహరణోపాయాలు ఐదింటిని లెక్కించాడు. తూకంలో మోసంతో మొదలయ్యే ఆ జాబితాలో పేటకమనే పేరుతో అతకడం, పొదగడం చాటున జరిగే మోసానికీ చోటిచ్చాడు. అతుకును అనుమానించడం మనవాళ్ళకు క్రొత్త కాదు.

తరువాత కాడ్మియం వచ్చింది. కేడీఎం అని మన దుకాణాలు బోర్డుల మీద గొప్పగా వ్రాసుకున్నది దానినే. తొంభైరెండు పాళ్ళ బంగారానికి ఎనిమిది పాళ్ళ కాడ్మియం కలిపితే, బంగారం పాలు తగ్గకుండానే కరిగే వేడి తగ్గుతుంది. నగకు శుభం, చేసేవాడికి అశుభం. ఎందుకంటే కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. ఆ పొగ కుంపటి మీద వంగి ఊదే మనిషి ఊపిరితిత్తులలోకి వెళ్ళి వాటినీ, మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. మన ఒంటి మీది స్వచ్ఛతకు ఎదుటివాడి ఒంట్లోని ఊపిరిని వెలగా పెట్టిన కాలమది. ఇప్పుడు జింకు, ఇండియం వంటివి కలిపి కాడ్మియం లేకుండానే 916 పాళ్ళ టంకం తయారవుతున్నది. ఎవరైనా నేడు "మాది కేడీఎం అతుకండీ" అని గొప్పగా చెబితే, అది గొప్ప కాదని వారికి మెల్లగా చెప్పండి.

హాల్‌మార్కు ముద్ర మన దేశంలో 2000లో మొదలైంది. 2021 జూన్‌లో దేశంలోని 256 జిల్లాలలో తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరక్షరాల హెచ్‌యూఐడీ గుర్తు లేని హాల్‌మార్కు నగను ఆ నిబంధన వర్తించేచోట అమ్మడానికి వీలు లేదు. ఈ ముద్ర ఉన్న గొలుసు తయారైననాడు అందులోని టంకంతో సహా పరీక్షకు నిలిచినది. కాబట్టి పాతకాలపు టంకం తరుగు దానికి వర్తించదు. తరువాత వేసిన ఒకటి రెండు మరమ్మతు అతుకులు తగ్గించగలిగినది వెయ్యిలో ఒక పాలు మాత్రమే. ఇది పై లెక్కలో చూశాం. వందల అతుకుల కాలపు తరుగును ఒక్క అతుకు గొలుసుకు తగిలించడమే నేను నిందిస్తున్న పద్ధతి. కారణం పోయినా కోత మిగిలింది.

మరి అతుకు నిర్దోషి అంటానా? అనను. మనం చూడవలసిన దోషం వేరొకచోట ఉన్నదంటాను. స్వచ్ఛత అనే మాట చుట్టూ ఇంత గొడవ చేసే మనం, బలం గూర్చి ఎవరినీ ఒక్క ప్రశ్న అడగం. మా చెల్లెలి గొలుసు మూడుసార్లు ఎందుకు తెగిందో ఆ మూడేళ్ళలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కరిగించకముందు ఆచారి గారు భూతద్దం ఇచ్చి, "చూడండి మాస్టారూ" అన్నప్పుడు సిగ్గుపడ్డాను.

మొదటి అతుకు చుట్టూ మూడు కడియాలు ఒకే కడ్డీగా బిగుసుకుపోయి ఉన్నాయి. టంకం అవసరానికి మించి పెట్టడం వలన అది ప్రక్క కడియాలలోకి పారి వాటిని అతికేసింది. గొలుసు మెడ చుట్టూ వంగాలి. మూడు కడియాలు వంగకపోతే ఆ వంపు భారమంతా నాలుగో కడియం మీద పడుతుంది. రెండోసారి తెగింది సరిగ్గా అక్కడే. మరి మూడోది? అది మరొక కథ. అక్కడి కడియాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని, తగిలే చోట సన్నబడి ఉన్నాయి. తీగ మందం సగమైతే బలం సగమవుతుందని మనం అనుకుంటాం. కాదు, నాలుగోవంతవుతుంది. ఎందుకంటే బలం తీగ అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం మందపు వర్గాన్ని బట్టి మారుతుంది. తెగిన కడియాన్ని మాత్రమే అతికి, అంతే సన్నబడిన దాని పొరుగు కడియాలను వదిలేస్తే, రేపు తెగేది పొరుగుదే. అప్పుడు "అతుకు నిలవలేదు" అంటాం. అతుకు నిలిచింది, ఆ ప్రక్కది పోయింది.

వేడి సంగతి కూడా ఆయనే చెప్పారు. తీగ లాగేటప్పుడు బంగారం గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చితే మళ్ళీ మెత్తబడుతుంది. అతుకు కోసం ప్రక్కనున్న పది కడియాలనూ ఎర్రగా కాల్చితే అవి మెత్తబడి, లాగినప్పుడు గుండ్రని కడియం కోలగా సాగుతుంది. అంతకంటే ఎక్కువ కాల్చితే లోహంలోని రేణువులు పెద్దవై బిరుసుతనం వస్తుంది. ఇదేమీ యంత్రంలో కనిపించదు. ఆ తెర మీద స్వచ్ఛత 91.6 అని తళతళలాడుతూనే ఉంటుంది. గొలుసు మాత్రం తిరుణాళ్ళలో జారిపోతుంది. కోటప్పకొండ తిరుణాళ్ళ రద్దీలో జారిన గొలుసు తిరిగి దొరుకుతుందా? ముప్పైరెండు మిల్లీగ్రాముల స్వచ్ఛత కోసం తగవులాడిన మనం ఇరవైనాలుగు గ్రాములూ పోగొట్టుకుంటాం.

అన్నిటికంటే చెడ్డది సీసపు మాటు. వాచీలు, రేడియోలు బాగుచేసే పెట్టెలోని సీసం-తగరం తీగతో గొలుసును అతకడం. కొందరు తొందరలో ఆ పని చేయించుకుంటారు. అది 200 డిగ్రీల లోపే కరుగుతుంది కనుక సులువు. కానీ దానిని తీయకుండా ఆ తరువాత ఎవరైనా సరైన అతుకు కోసం అక్కడ మంట చూపితే, కరిగిన సీసం బంగారాన్ని తిని గుంటలు చేస్తుంది. అతి స్వల్పంగా కలిసిన సీసం కూడా బంగారాన్ని పెళుసు చేస్తుంది. అతుకు దగ్గర బూడిదరంగు మరక కనిపిస్తే అది ఇదేనేమోనని అనుమానించి, ముందుగానే స్వర్ణకారునికి చెప్పండి. ఆయన దానిని గీకి పూర్తిగా తొలగించిన తరువాతే మంట పెట్టాలి.

సరైన అతుకు ఎట్లా ఉంటుందో ఆ రోజు వేరొకరి గొలుసు మీద ఆచారి గారు చేస్తుండగా ప్రక్కన కూర్చుని చూశాను. ముందు గొలుసును కుంకుడు నీళ్ళలో కుంచెతో రుద్ది కడిగారు. చమురు ఉన్నచోట టంకం పారదు. తరువాత రెండు వైపులా అరిగిన కడియాలు ఎన్నో చూసి, తెగినదానితోపాటు మరొకదానిని కూడా తీసివేసి, అదే వన్నె తీగతో క్రొత్తవి చుట్టారు. కొసలు రెండూ ఒకదానికొకటి ఆనేటట్లు ఆకురాయితో సరిచేసి, దీపానికి ఎదురుగా పట్టి చూశారు. సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్ళీ సరిచేయడమే. "టంకం సందు పూడ్చడానికి కాదు మాస్టారూ, ఆనినవాటిని పట్టుకోవడానికి" అన్నారు. అతుకు శాస్త్రమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది. సందు సన్నగా ఉన్న అతుకు చుట్టుప్రక్కల తీగంత బలంగా ఉంటుంది. సందు వెడల్పైతే టంకమే ఆ భారాన్ని మోయాలి, అది మోయలేదు.

ఆ పిమ్మట వెలిగారాన్ని నీళ్ళతో రాతి మీద అరగదీసి అతుకు చోట పూశారు. టంకం పారకూడని ప్రక్క కడియాలకు కావి పూశారు. ఆవగింజలో సగమంత టంకం ముక్క పెట్టి, మంటను ముక్క మీద కాక కడియం మీద తిప్పారు. కడియం వేడెక్కి, ఆ వేడికి టంకం కరిగి, రెప్పపాటులో సందులోకి పారింది. మంట ముందే టంకానికి తగిలితే అది బంతిలా ముద్దకట్టి పైనే నిలిచిపోతుందట, లోపలికి దిగదట. చివరికి చింతపండు నీళ్ళలో మరిగించి వెలిగారపు గాజుపొరను, నల్లదనాన్ని తీసివేశారు. అంతా ముప్పావుగంట పని. దీనికాయన అడిగే కూలి విని మనం బేరమాడతాం. బేరమాడితే ముప్పావుగంట పది నిమిషాలవుతుంది. మూడు కడియాలు ఒకే కడ్డీ అవుతాయి. ఆ పాపంలో మనకూ వాటా ఉన్నది.

పెద్ద ఊళ్ళలో ఇప్పుడు లేజరు యంత్రంతో టంకం లేకుండానే అతుకుతున్నారు. వేడి ఒక చుక్కకే పరిమితం, వేరే లోహం కలవదు, కనుక స్వచ్ఛత ప్రశ్నే రాదు. అయితే అది పైనుండి కొద్ది లోతే కలుపుతుంది. లావు కడియాన్ని అన్ని వైపులనుండి చుట్టూ కొట్టకపోతే లోపల బోలుగా మిగులుతుంది. బోలు తీగతో చేసిన తేలిక గొలుసులకైతే ఏ పద్ధతిలోనూ నమ్మకమైన అతుకు కష్టమే. పలుచని గోడ మంటకు కుంగుతుంది. వాటిని కొనేటప్పుడే ఆ సంగతి తెలిసి కొనాలి.

ఇక నా వాదం చివరికి వచ్చింది. అమ్మబోయే గొలుసులో అతుకు ఉన్నదని తరుగు తీసే వ్యాపారిని మనం అడగవలసినది దయ కాదు, పరీక్ష. యంత్రంలో అతుకు లేని మూడు చోట్ల చూడమనండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మీ ఎదుట కరిగించి, ముద్దను చూడమనండి. దానికీ ఒప్పుకోని చోట అమ్మకండి. అతుకు బరువుకు అతుకు తరుగు తీయడం న్యాయం. గొలుసు బరువుకు అతుకు తరుగు తీయడం దోపిడి. ఈ మాట నేను మెత్తగా చెప్పలేను.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు మాత్రం స్వచ్ఛత గూర్చి ఒకటే అడగండి, "టంకం ఏ పాళ్ళది?" అని. ముందూ వెనుకా ఒకే త్రాసులో తూకం వేయించుకోండి. నలభై మిల్లీగ్రాముల టంకం పెట్టి రెండు వందల మిల్లీగ్రాముల బంగారానికి వెల కట్టేవారూ ఉన్నారు. కొలికి మార్చవలసివస్తే ముద్ర ఉన్న బిళ్ళను పారవేయనీయకండి. ముద్ర పోతే తరువాతి వ్యాపారి చేతికి మరొక కత్తి ఇచ్చినట్లే. తిరిగి తీసుకునేటప్పుడు గొలుసును ఒక వేలి మీదుగా మెల్లగా జార్చి చూడండి. ఎక్కడైనా కడ్డీలా నిలబడితే అక్కడ కడియాలు అతుక్కున్నాయని అర్థం. అప్పుడే అక్కడే తిరిగి ఇచ్చేయండి. ఇంటికి తెచ్చాక అడిగితే ఎవరూ వినరు.

మా చెల్లెలు ఆ డబ్బుతో మందులు కొన్నది. సాయంత్రం బస్సు ఎక్కుతూ, "అన్నయ్యా, పోయినేడు తోటికోడలు ఇట్లాగే మూడు అతుకుల గొలుసు అమ్మింది. ఎంతకిచ్చిందో ఏమో" అన్నది. అడిగి తెలుసుకోమన్నాను. తెలుసుకుని ఫోను చేసింది. ముప్పై గ్రాముల గొలుసు, ఎనభై రెండు లెక్కన. కరిగించి చూడమని అడగడానికి ఆమె వెంట ఎవరూ వెళ్ళలేదు.

లెక్క మీరే వేయండి.